నిజమే... కానీ చాలదు!
పేరాకు శీర్షిక ఎంచుకోవడంలో మనం ఎక్కడ పొరబడుతున్నాం?

ముందు ఈ పేరా చదవండి. తర్వాత మాట్లాడుకోవడానికి వీలుగా వాక్యాలకు అంకెలు వేశాను.

1. తెలంగాణ ఎత్తుపల్లాల పీఠభూమి కాబట్టి ఇక్కడ కురిసిన వాన నిలవకుండా పల్లానికి పరుగెత్తుతుంది.
2. ఆ పరుగును ఆపడానికి మన పూర్వికులు వాగు పొడవునా ఒకదాని కింద ఒకటిగా చెరువులు కట్టారు.
3. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి చేరుతుంది, అదీ నిండితే దాని కిందిదానికి వెళ్తుంది.
4. కాకతీయుల కాలంలో చెరువుల నిర్మాణం బాగా సాగింది. ములుగు జిల్లా పాలంపేట దగ్గరున్న రామప్ప చెరువు ఆ కాలానిదే.
5. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడికి వచ్చేవాళ్లు ఈ చెరువునూ చూసి వెళ్తారు.
6. చెరువులు నిండితే చుట్టుపక్కల బావుల్లో నీళ్లు పెరుగుతాయి, వేసవిలో అడుగున తేలిన ఒండ్రుమట్టిని రైతులు పొలాలకు తోలుకుంటారు.
7. అయితే పై చెరువు కట్ట తెగితే ఆ వరద కింది చెరువుల కట్టలనూ తెంపుతుంది కాబట్టి, ఈ వరుసలో ఏ ఒక్క చెరువునూ విడిగా కాపాడుకోలేం.

ఈ పేరాకు తగిన శీర్షిక ఏది?

(అ) రామప్ప చెరువు చరిత్ర
(ఆ) చెరువుల వల్ల రైతుకు మేలు
(ఇ) గొలుసుకట్టు చెరువులు
(ఈ) తెలంగాణ నీటి వనరులు

పదో తరగతి తెలుగు పరీక్షలో అపరిచిత గద్యం కింద ఇలాంటి ప్రశ్న వస్తుంది. టెట్ రాసేవాళ్లకు భాషా విభాగంలో వస్తుంది. ఉద్యోగ పరీక్షల్లో ఇంగ్లిషు పేరా కింద కూడా ఇదే ప్రశ్న ఉంటుంది. నేను బడిలో తెలుగు చెప్పిన ఏళ్లన్నిటిలో చూసింది ఒకటుంది. పేరాలో ఫలానా సంవత్సరం ఏది, ఫలానా ఊరు ఏది అని అడిగితే టక్కున చెప్పే పిల్లలు కూడా శీర్షిక దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ఆ తడబాటులో వాళ్లు ఎక్కువగా పట్టుకునేది పేరాలోని ఏదో ఒక ముక్కను మాత్రమే చెప్పే ఇరుకు శీర్షికను.

పై పేరా ఇచ్చినప్పుడు ఒక అబ్బాయి నిమిషం కూడా ఆలోచించకుండా (అ) అన్నాడు. ఎందుకని అడిగితే, "మొన్న టూర్లో వెళ్లాం కదా టీచర్, గుడి పక్కనే ఉంది ఆ చెరువు" అన్నాడు. వాడు పేరాను చదవలేదని అనలేం. రామప్ప పేరు పేరాలో ఉంది. అది కాకతీయుల కాలానిదన్న చరిత్ర కూడా ఉంది. వాడు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు.

చిక్కంతా అక్కడే ఉంది. ఇరుకు శీర్షిక తప్పు మాట చెప్పదు. అది నిజమే చెబుతుంది, కానీ ఆ నిజం పేరా మొత్తానికి చాలదు. పిల్లలు ప్రతి జవాబునూ పట్టుకుని "ఇది పేరాలో ఉందా, లేదా?" అని వెతుకుతారు. ఇరుకు జవాబు ఆ వెతుకులాటలో ఎప్పుడూ నెగ్గుతుంది, ఎందుకంటే అది పేరాలోంచి తీసిందే. కాబట్టి శీర్షిక కోసం వేయాల్సిన ప్రశ్న వేరు. "ఇది పేరాలో ఉందా?" అని కాకుండా "పేరా దీనిలో ఉందా?" అని అడగాలి.

మిగిలిపోయిన వాక్యాలను చూడండి

గిన్నెకు మూత వెతికేటప్పుడు మనం మూత బాగుందా లేదా అని చూడం, గిన్నె మీద పెట్టి చూస్తాం. చిన్నదైతే లోపలికి జారిపోతుంది. మరీ పెద్దదైతే చుట్టూ వేలాడుతుంది. శీర్షికనూ అలాగే పేరా మీద పెట్టి చూడాలి.

చేయాల్సిన పని చాలా మామూలుది. ఒక్కో జవాబును తీసుకుని, అది ఏయే వాక్యాలను తనలో కలుపుకుంటుందో చూసి, వాటిని వేలితో మూసేయండి. తర్వాత బయట ఏం మిగిలిందో చూడండి.

(అ) పెట్టి చూద్దాం. రామప్ప చెరువు చరిత్ర అన్నప్పుడు 4, 5 వాక్యాలు మూతపడతాయి. మిగతా అయిదు వాక్యాలు బయటే నిలబడతాయి. నేల వాలు, వాగు పొడవునా వరుస, మత్తడి, బావులు, కట్ట తెగడం, వీటిలో దేనికీ ఆ శీర్షిక కింద చోటు లేదు. ఇంత మిగిలినప్పుడు జవాబు ఇరుకని వెంటనే తెలిసిపోతుంది.

(ఆ) అంత తేలిగ్గా దొరకదు. చెరువుల వల్ల రైతుకు మేలు అంటే 6వ వాక్యం నేరుగా వచ్చేస్తుంది. వానను ఆపడం రైతు మేలుకే కదా అనుకుంటే మొదటి మూడు వాక్యాలను కూడా కొంచెం లాగి ఇందులో చేర్చవచ్చు. రామప్పను ఒక ఉదాహరణగా సర్దవచ్చు. ఇలా సర్దుకుంటూ పోతే జవాబు నప్పినట్టే కనిపిస్తుంది. కానీ 7వ వాక్యం దగ్గర ఆగాలి. పై కట్ట తెగితే కింది కట్టలూ తెగుతాయన్న మాట రైతుకు మేలు ఎలా అవుతుంది? అది ప్రమాదం గురించి చెబుతోంది. పైగా అది పేరా చివర, 'కాబట్టి' అనే మాటతో, మొత్తం చర్చను ముగిస్తూ వచ్చింది. ముగింపు వాక్యాన్ని బయట వదిలే శీర్షిక, మిగతా ఆరింటిని కలుపుకున్నా సరే, నిలబడదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మిగిలిన వాక్యాలను లెక్కపెడితే చాలదు, ఏ వాక్యం మిగిలిందో చూడాలి. 5వ వాక్యం మిగిలిపోయినా పెద్ద నష్టం లేదు. అది 4వ వాక్యానికి తోకలాంటిది, ఉదాహరణకు తగిలించిన చిన్న సమాచారం. 7వ వాక్యం అలాంటిది కాదు. పేరా నడిచి నడిచి చేరిన చోటు అది.

(ఇ) పెట్టి చూడండి. నేల వాలు వల్ల వరుస అవసరమైంది. వరుస ఎలా కట్టారో, నీరు ఒకదాన్నుంచి మరోదానికి ఎలా వెళ్తుందో చెప్పారు. ఆ కట్టుబడి బాగా సాగిన కాలం, దానికి ఒక సాక్ష్యం చూపించారు. వరుస నిండితే వచ్చే లాభం చెప్పారు. వరుసలో ఒకటి తెగితే వచ్చే ముప్పు చెప్పారు. అన్నీ మూత కిందికి వచ్చేశాయి.

ఈ శీర్షికలోని 'గొలుసుకట్టు' అన్న మాట పేరాలో ఎక్కడా లేదు. పిల్లలు దీన్ని వదిలేయడానికి అదే పెద్ద కారణం. చదివిన పదం మళ్లీ జవాబుల్లో కనిపిస్తే మనసు దానికి అంటుకుంటుంది. రామప్ప, చెరువు, రైతు అన్న మాటలు కళ్లముందు కదిలినవే. 'గొలుసుకట్టు' మాత్రం మనమే పేరా నుంచి తీయాల్సిన భావం. విడివిడి వాక్యాలను కలిపే దారానికి పేరు సాధారణంగా ఆ వాక్యాల్లో ఉండదు. పేరాలోని మాటలు జవాబులో ఉన్నాయని దాన్ని నమ్మకూడదు, లేవని తోసేయకూడదు.

ఇరుకు భయంతో మరీ పెద్దదాన్ని పట్టుకోవద్దు

ఇరుకు జవాబుకు ఒకసారి మార్కు పోగొట్టుకున్న పిల్లలు తర్వాతిసారి అన్నిటికంటే పెద్దగా కనిపించేదాన్ని ఎంచుకుంటారు. (ఈ) అలాంటివాళ్ల కోసం పెట్టిందే. తెలంగాణ నీటి వనరులు అన్నప్పుడు ఏడు వాక్యాలూ దాని కిందికి వస్తాయి, బయట ఏదీ మిగలదు. అందుకే వాక్యాలను మూసే పద్ధతి ఒక్కటే దీన్ని పట్టలేదు.

దీనికి మరో ప్రశ్న కావాలి. ఈ శీర్షికను మాత్రమే చూసిన మనిషి లోపల ఏముంటుందని అనుకుంటాడు? తెలంగాణ నీటి వనరులు అని చూస్తే గోదావరి, కృష్ణ, మూసీ ఉంటాయనుకుంటాడు. ప్రాజెక్టులు, బోరుబావులు, భూగర్భ జలాలు ఉంటాయనుకుంటాడు. మన పేరాలో వాటి ఊసే లేదు. శీర్షిక ఇచ్చిన మాటను పేరా నిలబెట్టుకోలేకపోయింది.

ఈ రెండూ కలిస్తేనే పరీక్ష పూర్తవుతుంది. వాక్యాలు బయట మిగిలితే శీర్షిక ఇరుకు. శీర్షికలోనే ఖాళీ మిగిలితే అది మరీ వెడల్పు.

ఇరుకు, వెడల్పు అన్నవి పేరాను బట్టి మారుతాయని కూడా గుర్తుంచుకోవాలి. రామప్ప చెరువు ఎప్పుడు కట్టారో, కట్ట ఎలా వేశారో, ఏయే ఊళ్ల పొలాలు దాని కింద సాగవుతాయో చెప్పే పేరా ఇచ్చారనుకోండి. అప్పుడు 'రామప్ప చెరువు' అన్నదే సరైన శీర్షిక, 'గొలుసుకట్టు చెరువులు' వెడల్పు అవుతుంది. ఒక ఊరి పేరో మనిషి పేరో ఉన్నంత మాత్రాన జవాబు ఇరుకైపోదు. ఎదురుగా ఉన్న పేరాతోనే దాన్ని కొలవాలి.

లెక్క తప్పే చోటు

ఇప్పుడు ఇంకో పేరా. ఇది కొంచెం కష్టమైనది.

"కొండపల్లి బొమ్మలను తెల్ల పొణికి కర్రతో చేస్తారు. తేలికైన ఈ కర్రను వేడిచేసి, తేమ పోయాక కావలసిన ఆకారంలో చెక్కుతారు. చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆరిన తర్వాత రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు వంటివన్నీ ఇలా తయారైనవే. అయితే చుట్టుపక్కల అడవుల్లో పొణికి చెట్లు తగ్గిపోయాయి, కొత్తగా నాటిన మొక్క కోతకు రావాలంటే ఏళ్లు పడుతుంది. చెయ్యి తిరిగిన కళాకారుడు ఉన్నా, కర్ర లేకపోతే బొమ్మ లేదు."

దీనికి 'కొండపల్లి బొమ్మల తయారీ' అన్న జవాబు, 'పొణికి కొరతతో కొండపల్లి బొమ్మకు ముప్పు' అన్న జవాబు రెండూ ఇచ్చారనుకుందాం. వాక్యాలు లెక్కపెడితే తయారీ గురించి అయిదు ఉన్నాయి, కొరత గురించి రెండే ఉన్నాయి. చాలామంది తయారీ వైపే మొగ్గుతారు. కానీ సరైన జవాబు రెండోది.

కారణం 'అయితే' అన్న మాటలో ఉంది. ఆ మాట దగ్గర పేరా మలుపు తిరిగింది. తిరిగి మళ్లీ తయారీ వైపు రాలేదు, అక్కడే ముగిసింది. ముందున్న అయిదు వాక్యాలు ఆ మలుపు కోసం చేసిన ఏర్పాటు. బొమ్మ ఏ కర్రతో పుడుతుందో ముందు చెబితేనే, ఆ కర్ర లేకపోవడం ఎంత నష్టమో పాఠకుడికి తెలుస్తుంది. తయారీని శీర్షిక చేస్తే చివరి రెండు వాక్యాలు దిక్కులేనివవుతాయి. కొరతను శీర్షిక చేస్తే మొదటి అయిదు దానికి ఆధారంగా నిలుస్తాయి. ఎక్కువ చోటు తీసుకున్న విషయమే ప్రధాన విషయం కానక్కర్లేదు. మిగతావాటిని ఏది తన పనికి వాడుకుంటుందో అదే ప్రధానం.

దీనికీ ఒక హద్దు ఉంది. 'అయితే' కనిపించిన ప్రతిచోటా పేరా తిరిగినట్టు కాదు. పేరా నడుమ "అయితే ఇప్పుడు కర్ర దొరకడం కష్టమైంది" అని ఒక్క వాక్యం చెప్పి, మళ్లీ రంగులు, అతుకులు, నమూనాల గురించే చెప్పుకుంటూ ముగించి ఉంటే, ఆ 'అయితే' ఒక పక్క మాట మాత్రమే. అప్పుడు తయారీయే శీర్షిక. కాబట్టి మలుపు మాట దగ్గర ఆగి, దాని తర్వాత పేరా ఎటు వెళ్లిందో, చివరి వాక్యం ఏ వైపు నిలబడిందో చూడాలి.

ప్రధాన భావం అడిగితే ఇరుకు ఎక్కడ దాక్కుంటుంది?

కొన్నిసార్లు శీర్షిక కాకుండా పేరా ప్రధాన భావం ఏమిటని అడుగుతారు. అప్పుడు జవాబులు వాక్యాలుగా ఉంటాయి. వాక్యానికి రెండు భాగాలు: దేని గురించి చెబుతున్నాం, దాని గురించి ఏమంటున్నాం. ఇరుకు ఈ రెండింటిలో ఎక్కడైనా ఉండవచ్చు.

"రామప్ప చెరువు కాకతీయుల కాలం నాటిది" అన్న వాక్యంలో మొదటి భాగమే ఇరుకు. ఇది సులువుగా దొరుకుతుంది. "గొలుసుకట్టు చెరువులు చుట్టుపక్కల బావుల్లో నీళ్లు పెంచుతాయి" అన్న వాక్యం చూడండి. మొదటి భాగం సరిగ్గా ఉంది, పేరా నిజంగానే గొలుసుకట్టు చెరువుల గురించే. కానీ వాటి గురించి చెప్పింది 6వ వాక్యంలోని ఒక ముక్క మాత్రమే. విషయం సరైనదన్న ధీమాతో పిల్లలు రెండో భాగాన్ని చూడకుండానే దీన్ని ఎంచుకుంటారు. మా తరగతిలో బాగా చదివే పిల్లలు తప్పు చేసింది ఎక్కువగా ఇలాంటి చోటే.

జవాబులను చూడకముందే మీ మాటల్లో ఒక వాక్యం రాసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది. మన పేరాకు నేను రాసే వాక్యం ఇది: "వాగు పొడవునా కట్టిన చెరువులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి, వాటి లాభమూ ముప్పూ ఉమ్మడివే." ఇందులో రామప్ప లేదు, ఒండ్రుమట్టి లేదు, సంవత్సరం లేదు. అవి లేకపోయినా ప్రతి వాక్యం ఎందుకు ఉందో ఈ వాక్యం చెప్పగలదు. ఇప్పుడు దీన్ని రెండు మూడు మాటలకు కుదించండి. 'గొలుసుకట్టు చెరువులు' అదే వస్తుంది. జవాబులు ఇవ్వకుండా మీరే శీర్షిక పెట్టమన్నప్పుడు కూడా ఇదే దారి. అలా కాకుండా పేరాలో మొదట కనిపించిన నామవాచకాన్ని తీసి పెట్టేస్తే, 'తెలంగాణ' అనో 'చెరువు' అనో రాయాల్సి వస్తుంది. వాటిని ఏ పేరాకైనా పెట్టుకోవచ్చు, కాబట్టి ఈ పేరా గురించి అవి ఏమీ చెప్పవు.

పరీక్షలో ఇదంతా చేయడానికి సమయం ఎక్కడుందని పిల్లలు అడుగుతారు. ఏడెనిమిది వాక్యాల పేరాకు సొంత వాక్యం రాసుకోవడానికి అర నిమిషం చాలు. తర్వాత నాలుగు జవాబులనూ మూసి చూడాల్సిన పని కూడా ఉండదు. సొంత వాక్యానికి దూరంగా ఉన్న రెండు జవాబులు ముందే రాలిపోతాయి. మిగిలిన రెండింటి మధ్యే మూత పెట్టి చూడాలి. చాలా ప్రశ్నపత్రాల్లో ఆ రెండింటిలో ఒకటి సరైనది, మరొకటి పేరాలోని మంచి ముక్కను పట్టుకున్న ఇరుకు జవాబు. అక్కడ చివరి వాక్యాన్ని మరోసారి చదవండి. ఆ వాక్యానికి చోటివ్వలేని జవాబును వదిలేయండి.

పిల్లలకు చదువు చెప్పేవాళ్లకు, ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని చదివించే అమ్మానాన్నలకు ఒక్క మాట. పిల్లవాడు ఇరుకు శీర్షికను ఎంచుకున్నప్పుడు "తప్పు" అని కొట్టేయకండి. వాడు పట్టుకున్నది నిజమే కాబట్టి, తప్పంటే వాడికి అర్థం కాదు. తర్వాతిసారి అదే మళ్లీ చేస్తాడు. "నువ్వు చెప్పింది పేరాలో ఉంది. మరి ఈ వాక్యాన్ని ఎక్కడ పెడతావు?" అని బయట మిగిలిపోయిన వాక్యం మీద వేలు పెట్టి చూపించండి. రామప్ప అన్న మా అబ్బాయికి 7వ వాక్యం చూపించినప్పుడు వాడు కాసేపు చూసి, "ఇది రామప్పది కాదు టీచర్, అన్ని చెరువులదీ" అన్నాడు. సరైన జవాబు ఆ తర్వాత వాడే చెప్పాడు.